అమ్మ ముఖం - నాన్న కుంచె

మా ఇంట్లో హాలుగోడమీద ముఖం లేని బొమ్మ ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ తాగుతూ దానివంక చూసి, కప్పు కిందపెట్టి, "అదేమిటండీ, అలా వదిలేశారు?" అని అడగడం మామూలు. నేను సమాధానం చెప్పేలోపల వంటింట్లోంచి మా అమ్మ, "ఆయనకు తీరలేదు," అనడమూ మామూలే. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ ప్రశ్నా, ఆ జవాబూ అక్షరం మారకుండా నడుస్తూ వచ్చాయి.

మా నాన్న హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి చిత్రశాలకు ఏడాదికొకసారయినా వెళ్ళి, గంటలకొద్దీ నిలబడి చూసి వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా 1925లో పోయిన ఆ మహానుభావుణ్ణి తలుచుకుని, "నాకు యాభై నిండబోతున్నాయి, ఏం చేశాను?" అని ఇంటికొచ్చి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుల్లోంచే 1988లో ఒక కార్తీక మాసాన ఈ బొమ్మ పుట్టింది. ముప్ఫై అంగుళాల ఎత్తు, ఇరవైనాలుగు అంగుళాల వెడల్పు ఉన్న కాన్వాసు. తులసికోట దగ్గర అమ్మ నిలబడి దీపం పెడుతూ ఉంటుంది. ఆకుపచ్చ చీర, సున్నం వేసిన కోట, ఎడమవైపునుంచి ఏటవాలుగా పడుతున్న సాయంకాలపు ఎండ. చేతులున్నాయి, మెడ ఉంది, జుట్టు ఉంది, ముడిలో చేమంతి కూడా ఉంది. ముఖం ఉండవలసినచోట మాత్రం కోడిగుడ్డు ఆకారంలో లేత గోధుమరంగు పూత. అంతే. నాన్న 2011లో పోయాడు. ఆ పూత అలాగే ఉండిపోయింది.

కిందటేడు మా అక్కయ్య వచ్చి, "ఏరా, అమ్మకు డెబ్బై అయిదు వచ్చాయి. ఎవరైనా మంచి ఆర్టిస్టును పిలిచి ఆ ముఖం వేయించేద్దాం. అమ్మ కళ్ళతో చూసుకోవద్దూ?" అన్నది. నాకు గుండె గతుక్కుమంది. "నాన్న కాన్వాసుమీద ఇంకొకడు కుంచె పెట్టడానికి వీల్లేదు," అన్నాను. "అయితే నువ్వు పోయేదాకా కూడా అలాగే ఉంచు," అని అక్కయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా పట్టుదలకు నా వృత్తే కారణమనుకుంటాను. తాళపత్రాన్ని పురుగు తిని పద్యంలో నాలుగక్షరాలు పోయాయనుకోండి. పరిష్కర్త ఆ నాలుగక్షరాలూ ఊహించి పూరిస్తాడు. కాని తాటాకుమీద పూరించడు. తన ప్రతిలో, కుండలీకరణాల మధ్య పూరిస్తాడు. పూరించేదయినా తన ఇష్టం వచ్చినట్టు పూరించడానికి లేదు. గణం కుదరాలి, యతి చెల్లాలి, ఆ కవి వాడే మాటే కావాలి. చిత్రాలను బాగుచేసేవాళ్ళకూ ఇటువంటి మర్యాదే ఉన్నది. రోమ్ నగరంలో 1939లో స్థాపించిన పునరుద్ధరణ సంస్థకు మొదటి అధిపతి చేజరే బ్రాంది అనే ఆయన. ఆయన పద్ధతిలో, పాత చిత్రంలో రంగు రాలిపోయినచోట సన్నని నిలువు గీతలతో పూరిస్తారు. దూరంనుంచి చూస్తే చిత్రం నిండుగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఏది పాతదో, ఏది కొత్తదో గీతలు చెప్పేస్తాయి.

ఈ గొడవ తీర్చినవాడు మా మేనల్లుడు, అంటే అక్కయ్య కొడుకే. హైదరాబాదులో పుస్తకాలకూ, ప్రకటనలకూ బొమ్మలు చేసే ఉద్యోగం వాడిది. "మామయ్యా, కాన్వాసు ముట్టుకోవద్దు. దాన్ని ఫోటో తీసి, ఆ ప్రతిలో అమ్మమ్మ అసలు ముఖం కలుపుదాం. కుదిరితే అచ్చు తీయించుకుందాం. కుదరకపోతే పారేద్దాం," అన్నాడు. నాకూ, అక్కయ్యకూ కూడా ఒప్పుకోక తప్పింది కాదు.

ఇది ఒక సాయంకాలం పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. ఈ నాలుగు నెలల్లో ఒక ముఖాన్ని బొమ్మలో కలపడమంటే ఏమిటో నాకు కొంత తెలిసింది.

ముందు బొమ్మను ఫోటో తీయడం. నూనెరంగు మెరుస్తుంది కనుక ఎదుటినుంచి దీపం పెడితే తెల్లటి మచ్చలు పడతాయి. వాడు రెండు దీపాలను రెండు పక్కలా, బొమ్మకు ఏటవాలుగా పెట్టి, ముక్కలు ముక్కలుగా తీసి, కంప్యూటరులో అతికాడు. అంగుళానికి మూడు వందల చుక్కలు వచ్చేటట్టు తీశాడు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాత తమాషాకి, పెళ్ళి ఫోటో ఒకదానిలోంచి అమ్మ ముఖం కత్తిరించి, కొలత సరిచేసి, ఆ గోధుమరంగు పూతమీద పెట్టి చూపించాడు. మేమంతా ఒక్కసారి నవ్వాం. తిరణాలలో, కృష్ణుడి అట్టబొమ్మకు ముఖం దగ్గర కన్నం చేసి, అందులో తల దూర్చి ఫోటో తీయించుకుంటారు చూడండి, అచ్చం అలా ఉంది. "సరే, ఇప్పుడు ఎందుకు నవ్వొచ్చిందో ఒక్కొక్కటే చెప్పండి," అన్నాడు వాడు. అసలు పాఠం అక్కడ మొదలయింది.

మొదటి తప్పు వెలుగుది. బొమ్మలో ఎండ ఎడమనుంచి వస్తున్నది. పెళ్ళి ఫోటోలో ఫ్లాష్ ఎదురుగా పడింది. ముఖంలో ఎక్కడా నీడ లేదు. మెడకు ఒక పక్క వెలుగూ, మరో పక్క చీకటీ ఉండి, దానిమీద ముఖం మాత్రం పళ్ళెంలా తెల్లగా ఉంటే ఏం కుదురుతుంది? రంగు ఎంత మార్చినా ఈ తప్పు దిద్దుకోదు. అందుకని, బొమ్మలో కలపడానికి ఫోటో ఏరేటప్పుడు, ఏది అందంగా ఉందని కాకుండా, తల ఎటు తిరిగి ఉంది, వెలుగు ఎటునుంచి పడింది అని చూడాలట.

పాత ఆల్బములన్నీ తిరగేశాం. 1992లో అన్నవరం కొండమీద తీసిన ఫోటో ఒకటి దొరికింది. పొద్దుటి ఎండ. నీడలు దివ్యంగా ఉన్నాయి. కాని తల కుడివైపుకు తిరిగి ఉంది, ఎండా కుడినుంచే. "అద్దంలో తిప్పినట్టు తిప్పేస్తే రెండూ ఎడమకు వచ్చేస్తాయి!" అని మేనల్లుడు చిటికెలో తిప్పి, బొమ్మమీద పెట్టాడు. వెలుగు కుదిరింది. తల వాలు కుదిరింది. కాని నాకూ, అక్కయ్యకూ ఏదో ఇబ్బంది. "ఇది అమ్మ కాదురా, అమ్మ చెల్లెలెవరో," అన్నది అక్కయ్య. అమ్మను పిలిచి చూపిస్తే, "నేనేగా! బాగానే ఉన్నానే," అన్నది.

ఇదేమి చిత్రం? మేనల్లుడు కాసేపు ఆలోచించి విప్పాడు. ఏ మనిషి ముఖమూ రెండు పక్కలా ఒకలాగ ఉండదు. అమ్మకు ఎడమకన్ను రెప్ప కొంచెం వాలి ఉంటుంది. నవ్వితే పెదవి కుడికొస మాత్రం పైకి పోతుంది. తిప్పేసరికి ఇవన్నీ పక్కలు మారాయి. మాకు అమ్మ కొత్త మనిషిగా కనిపించింది. అమ్మకు మాత్రం తన ముఖం తెలిసింది అద్దంలోనే కదా! ఆమెకు తిప్పిన ముఖమే సొంత ముఖం. అంతటితో పేచీ తీరలేదు. అయితే బొమ్మ ఎవరి కళ్ళతో చూడవలసింది? వేసినవాడు నాన్న. ఆయన అమ్మను అద్దంలో చూడలేదు, ఎదురుగా నిలబడి చూశాడు. అందుకని అన్నవరం ఫోటో పక్కన పెట్టేశాం.

మళ్ళీ పెళ్ళి ఫోటోలకే వచ్చాం. 1990లో మా మేనత్త పెళ్ళిలో, తలంబ్రాల పళ్ళెం పట్టుకుని, కొంచెం వంగి, ఎడమవైపు చూస్తున్న ఫోటో ఒకటి తీసుకున్నాం. తల వాలు బొమ్మకు సరిపోయింది. ఫ్లాష్ వల్ల నీడలు మాత్రం లేవు. లేని నీడలు ఎక్కడనుంచి తెస్తాం? ఊహించి వేస్తే ముక్కు నీడ ఒక దారిని, గడ్డం నీడ ఇంకొక దారిని పోతాయి.

దానికి ఉపాయం అక్కయ్య చెప్పింది. "తులసికోట అక్కడే ఉంది. అమ్మా ఉంది. వచ్చేది కార్తీకమే కదా!" అన్నది.

అలాగే చేశాం. సూర్యుడు ఋతువును బట్టి పక్కకు జరుగుతాడు కాబట్టి కార్తీకంలోనే, సాయంత్రం అయిదింటికి, అమ్మను కోట దగ్గర నిలబెట్టి, అదే వంపులో ఫోటోలు తీశాం. డెబ్బై అయిదేళ్ళ ముఖం, ముప్ఫై ఎనిమిదేళ్ళ ముఖం ఒకటి కాదు. బుగ్గలు జారాయి, ముడతలు వచ్చాయి. కాని నుదుటి ఎముక, ముక్కు దూలం, చెంప ఎముక ఎక్కడివక్కడే ఉన్నాయి. నీడలు పడేది వాటివల్లనే. కుడికంటి గుంటలో నీడ ఎంత లోతు, ముక్కు నీడ పెదవిమీద ఎక్కడిదాకా వచ్చింది, ఇవి కొత్త ఫోటో చూసి తెలుసుకున్నాం. ఇంకొక సంగతి కూడా తెలిసింది. గడ్డం కింద చీకటిగా ఉండవలసినచోట మెత్తని వెలుగు ఒకటి ఉంది. సున్నం వేసిన కోటమీద ఎండపడి, పైకి తిరిగి కొట్టిన వెలుగు అది. వెంటనే లోపలికి పరిగెత్తి నాన్న బొమ్మ చూశాను. మెడమీద, గడ్డం ఉండవలసినచోటికి కిందగా, అదే వెలుగు వేసి ఉన్నది. ముప్ఫై ఏళ్ళు చూసిన బొమ్మలో ఆ వేలెడంత వెలుగు నేను అంతవరకు చూడనేలేదు.

రెండవ తప్పు ముదురూ లేతలది. మేనల్లుడు బొమ్మనూ, ఫోటోనూ రెండింటినీ నలుపు తెలుపులలోకి మార్చి పక్కపక్కన పెట్టాడు. కంప్యూటరు లెక్కలో కటిక నలుపు 0, మల్లెపూవు తెలుపు 255. నాన్న బొమ్మలో అన్నిటికంటే చీకటి అమ్మ ముడి కింద. అక్కడ 38 వచ్చింది. అన్నిటికంటే వెలుగు కోట అంచున; అక్కడ 228. ఫోటోలో అయితే కనుపాప 3, ముక్కుమీద మెరుపు 252. అంటే ఫోటో రెండు చివరలకూ పోయింది. నాన్న ఏ చివరకూ పోలేదు. ఆయన రంగుల పెట్టె ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో నల్లరంగు గొట్టమే లేదు. నలుపు కావలసివస్తే ముదురు గోధుమకు నీలం కలిపేవాడు.

కాబట్టి ముందు ఫోటోను ఆ హద్దుల్లోకి కుదించాలి. తెరమీద Curves అని ఒక గీత ఉంటుంది. దాని రెండు కొసలూ జరిపితే నలుపు కొంచెం తేలుతుంది, తెలుపు కొంచెం దిగుతుంది. అయితే బొమ్మ మొత్తానికి ఉన్న హద్దులు ముఖానికి పెట్టకూడదు. దానికి కొలబద్ద చెయ్యి. నాన్న వేసిన చేతిమీద ఎండ పడినచోట 175, నీడలో 85 ఉంది. ముఖమూ ఆ చేతి మనిషిదే, ఆ ఎండలోనే ఉంది. అందుచేత ముఖంలో చర్మం కూడా ఆ రెంటి మధ్యనే తిరగాలి. నుదుటిమీద ఒక్కచోట, కంటిగుంటలో ఒక్కచోట కాస్త దాటవచ్చు. ఈ లెక్క ప్రకారం నీడలు వేసి, నలుపు తెలుపులలోనే ముఖాన్ని బొమ్మమీద పెట్టాడు. రంగు ఇంకా ఏమీ లేదు. అయినా నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించింది. ముఖం అట్టమీద నుంచి దిగి మెడమీదకు వచ్చింది.

"రంగు తప్పినా కళ్ళు క్షమిస్తాయి మామయ్యా. ముదురూ లేతలు తప్పితే క్షమించవు," అన్నాడు వాడు.

రంగు మూడవది. ఫోటోలో చర్మానికి ఫ్లాష్ ఇచ్చిన గులాబిరంగు ఉంది. దాన్ని కాస్త పచ్చగా, కాస్త ఎర్రగా తిప్పుతూ కూర్చుంటే తెల్లవారినా తెమలదు. వాడు ఫోటో రంగును పూర్తిగా తీసిపారేశాడు. నాన్న వేసిన మెడమీదనుంచీ, చేతులమీదనుంచీ ఏడంటే ఏడు రంగులు ఏరి, చీకటినుంచి వెలుగుకు వరసగా పేర్చాడు. నీడలో ముదురు గోధుమ, దాని పక్కన ఇటికరాయి ఎరుపు, నీడా వెలుగూ కలిసేచోట కొంచెం ఆకుపచ్చ తిరిగిన బూడిదరంగు, ఆపైన పసుపుమన్ను రంగు, చివర అందులో తెలుపు కలిసిన లేతవన్నె, ఇలాగన్నమాట. ఆ బూడిద ఆకుపచ్చ చూసి నేను ఆశ్చర్యపోయాను. మనిషి చర్మంలో ఆకుపచ్చ ఎక్కడిది? కాని అది తీసేస్తే ఎండ వెచ్చదనం పోతున్నది. పక్కన చల్లని రంగు ఉంటేనే వెచ్చని రంగు వెచ్చగా కనబడుతుందని నాన్నకు తెలుసు.

తెరమీద Gradient Map అనే పనిముట్టు ఉన్నది. అది నలుపు తెలుపు బొమ్మలో ప్రతి మెట్టుకూ మనం పేర్చిన వరసలోంచి ఒక రంగు కడుతుంది. దానితో ముఖమంతా ఒక్కసారిగా నాన్న రంగుల్లోకి వచ్చేసింది. వచ్చింది కాని మట్టిబొమ్మలా వచ్చింది. ఎందుకంటే ఒకే ముదురు ఉన్నచోట ఒకే రంగు పడింది; పెదవీ, బుగ్గా, గడ్డమూ ఒకటే వన్నె. నిజం ముఖంలో అలా ఉండదు. బుగ్గలు, ముక్కుకొన, చెవి తమ్మె, నెత్తురు దగ్గరగా ఉన్నచోట్లు కాబట్టి ఎర్రగా ఉంటాయి. కంటికింద, దవడ అంచున చల్లబడతాయి. ఈ తేడాలు చేత్తోనే వేయాలి, అదీ ఆ ఏడు రంగులనే ఒకదానిలో ఒకటి కలిపి. ఎనిమిదో రంగు పెట్టెలోకి రానివ్వకూడదు. బొట్టు దగ్గర వాడు మంచి కుంకుమరంగు ఒకటి కొత్తగా తీసుకుంటే, అది బొమ్మలోంచి ఎగిరి ముందుకొచ్చి నిలబడింది. చీర అంచులో నాన్న వాడిన ఎరుపే తెచ్చి పెడితే కిమ్మనకుండా కూర్చుంది.

ఇక కుంచె. కష్టమంతా ఇక్కడ ఉంది. ఫోటోను ఒక్క మీటతో తైలవర్ణ చిత్రంలా మార్చే పనిముట్లు ఉన్నాయి. మొదట అదీ చేసి చూపించాడు. ముఖమంతా ఒకే సైజు సుడులు తిరిగాయి. నుదుటిమీదా అవే, ముక్కుమీదా అవే, జుట్టుమీదా అవే. దువ్వెన పెట్టి ముఖం దువ్వినట్టుంది. మనిషి కుంచె అలా పోదు. నుదుటిమీద అడ్డంగా, ముక్కుమీద నిలువుగా, బుగ్గమీద గుండ్రంగా, కింద ఉన్న ఆకారాన్ని తడుముతూ పోతుంది.

కనుక కొలతలు తీశాం. భూతద్దం పెట్టి అసలు బొమ్మ చూస్తే, మెడమీద కుంచె గుర్తు పావంగుళం వెడల్పు ఉన్నది. గాజులకూ, పూలకూ వాడిన సన్నకుంచె అంగుళంలో పదహారో వంతు. గోధుమరంగు పూత గడ్డంనుంచి జుట్టుదాకా మూడంగుళాలు. అంటే పావంగుళం కుంచెతో ముఖం పైనుంచి కిందకు పన్నెండు వేటులు మాత్రమే! తెర లెక్కలో ముఖం తొమ్మిది వందల చుక్కలు, పెద్దకుంచె డెబ్బై అయిదు, చిన్నకుంచె పందొమ్మిది. దీనినిబట్టి వాడొక కట్టుబాటు పెట్టుకున్నాడు. ముఖంలో ఎక్కడా చిన్నకుంచె కన్నా సన్నమయిన గుర్తు ఉండకూడదు.

ఈ ఒక్క మాటతో ఫోటోలోని సగం సంగతులు ఎగిరిపోయాయి. కనురెప్పల వెంట్రుకలు పోయాయి. చర్మంమీది రంధ్రాలు పోయాయి. ముక్కుపుడకలో రాళ్ళు పోయి, ఒక మెరుపుచుక్క మిగిలింది. కనురెప్ప అంతా కలిసి ఒక ముదురుగీత అయింది. వాడు బొమ్మ కింద ఫోటో పెట్టుకుని, పైన మరొక పొరమీద కుంచె వేటులు ఒక్కొక్కటే వేశాడు. నాన్నది కుడిచేతివాటం, మెడమీద వేటులన్నీ కుడిపైనుంచి ఎడమకిందకు వాలి ఉన్నాయి. వాడూ అలాగే వాల్చాడు. వెలుగున్నచోట రంగు దట్టంగా, నీడలో పలచగా పూయడం నాన్న అలవాటు. అదీ పాటించాడు.

అంచుల సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఫోటోలో ముఖం చుట్టూ అంచు ఒకే పదును. నాన్న బొమ్మలో ఎండ పడిన భుజం అంచు కత్తిలా ఉంటుంది. నీడవైపు భుజం ఎక్కడ అయిపోయిందో, వెనక చీకటి ఎక్కడ మొదలయిందో చెప్పలేము. ముఖానికి కూడా ఎడమ చెంప అంచు నిలబెట్టి, కుడి చెంపను జుట్టులోకి కరగనిచ్చాడు.

చివర ఒకటి మిగిలింది. ఇంత చేసినా దగ్గరికి వెళితే ముఖం నున్నగా, చుట్టూ గుడ్డ నేత కనిపిస్తూ ఉన్నది. నాన్న పూసి వదిలిన పలుచని పూత ఇక్కడ ఆదుకుంది. ఆ పూతలో నేత స్పష్టంగా ఉంది కదా! ఆ భాగానికి ప్రతి తీసి, బాగా మసకబరిచి, అసలులోంచి ఆ మసకను తీసేస్తే రంగు పోయి నేత మాత్రం మిగులుతుంది. దాన్ని తెచ్చి కొత్త ముఖంమీద పరిచాడు. ముఖం పడవలసిన చోటిదే ఆ నేత.

పని అయిపోయిందనుకున్నాం. మేనల్లుడు పరీక్షలు పెట్టాడు. బొమ్మను గోరంత చేసి చూశాడు. తలకిందులు చేసి చూశాడు. హాలు ఆ చివరనుంచి చూడమన్నాడు. ఎక్కడా అతుకు లేదు. ముఖం బొమ్మలో పుట్టినట్టే ఉంది.

అక్కయ్య వచ్చి, చాలాసేపు చూసి, నెమ్మదిగా, "చాలా బాగుందిరా. ఎవరూ?" అన్నది.

ఎవరికీ మాట రాలేదు. నిజమే. నాలుగు నెలలూ ముఖాన్ని బొమ్మలో కలపడంమీదే ఉన్నాం. కలిసిపోయింది, అమ్మ మాత్రం పోయింది. అందమయిన, ఎవరో ఒక ఇల్లాలు అక్కడ నిలబడి ఉన్నది. గణయతులన్నీ కుదిరిన పూరణలో కవి గొంతు లేకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇక్కడా అదే జరిగింది.

మేనల్లుడు కుంచె పొర తీసి కింద ఫోటో, పొర పెట్టి పైన బొమ్మ, తీసి, పెట్టి, రాత్రంతా చూశాడు. తేడా రెండే చోట్ల దొరికింది. వాలిన ఎడమరెప్పను కుంచె సరిచేసేసింది. పెదవి కుడికొస పైకి పోయేది చదునయింది. కుంచె పట్టిన చేతికి తెలియకుండానే వంకరలు దిద్దే గుణం ఉంటుంది కాబోలు. ముఖంలో తక్కినదంతా ఎంత మార్చినా పోలిక పోలేదు. ఈ రెండు చోట్ల వెంట్రుకవాసి జరిగితే పోయింది. కళ్ళ మధ్య దూరం, రెప్పల వాలు, పెదవి కొసలు, వీటి దగ్గర ఫోటో చెప్పినట్టు కుంచె నడవాలి. బుగ్గలు, నుదురు, చెవులు, జుట్టు మొదలు, వీటి దగ్గర ఫోటోను మరిచిపోయి నాన్న చెప్పినట్టు నడవాలి. వాడు చిన్నకుంచెతో రెప్పమీద ఒక వేటు, పెదవి కొసన ఒక వేటు వేశాడు. అమ్మ వచ్చింది.

గుడ్డమీద అచ్చు తీయించి తెచ్చాం. వెనకవైపు నేను స్వదస్తూరీతో, "ముఖం మాత్రం నాన్నగారు వేసింది కాదు, ఫలానా సంవత్సరంలో మనమడు కలిపినది," అని రాశాను. అవి నా కుండలీకరణాలు. ఈ ప్రతి అక్కయ్య ఇంటికి వెళుతుంది. నాన్న కాన్వాసు మా హాల్లో, ముఖం లేకుండా, అలాగే ఉంటుంది.

పంపేముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి అమ్మను పిలిచాం. కళ్ళజోడు తుడుచుకుని వచ్చింది. ముందు నాన్న బొమ్మ చూసింది, తర్వాత కొత్తది చూసింది. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. పెదవి కుడికొస మాత్రం కొంచెం పైకి పోయింది.

"పది సాయంత్రాలు నిలబడమన్నార్రా ఆయన," అన్నది చివరకు. "చేతులు వేసేటప్పుడు నిలబడ్డాను. మెడ వేసేటప్పుడు నిలబడ్డాను. ముఖం దగ్గరికి వచ్చేసరికి పొయ్యిమీద పాలో, గుమ్మంలో చాకలో, మీ ఏడుపులో. రేపు, రేపు అన్నాను. మళ్ళీ ఆయన అడగలేదు."

మేము నలుగురమూ మాట్లాడలేదు. అమ్మ వంగి, కొత్త బొమ్మలో తన ముఖాన్ని మరికాస్త దగ్గరగా చూసింది.

"ఇంతసేపు ఎప్పుడు నిలబడ్డానురా?" అన్నది.